ఖరీఫ్ అమ్మకాల సమావేశం: ప్రారంభ పలుకులు

అందరికీ నమస్కారం! ఏప్రిల్ వచ్చేసింది. జూన్‌లో తొలకరి పడేలోపు ప్రతి డీలరు దగ్గరా మన డ్రిప్ పైపులు సిద్ధంగా ఉండాలి. ఆ పరుగులో ఈసారి ముగ్గురు కొత్తవాళ్లు మనతో కలిశారు.

అనంతపురం చూసుకునే సునీత గారిది బత్తాయి రైతు కుటుంబం. ఉప్పు పేరుకుని డ్రిప్పర్లు ఎందుకు పూడుకుపోతాయో, యాసిడ్‌తో ఎలా శుభ్రం చేయాలో తోటలోనే చేసి చూపిస్తారు. రైతు నమ్మేది అలాంటి మనిషినే! గుంటూరు మిర్చి ప్రాంతానికి రఫీ గారు, నల్లగొండకు మహేష్ గారు. ముగ్గురూ ఒకసారి లేచి నిలబడండి. చప్పట్లు గట్టిగా, ఇంకా గట్టిగా!

పాత మిత్రులారా, ఈ వారమే మీ డీలర్లకు వీళ్లను స్వయంగా పరిచయం చేయండి, ఫోనులో కాదు. సునీత గారూ, మైకు తీసుకోండి, మొదటి మాట మీదే!