బాబాయ్ లోన్ కాగితానికి తెలుగు

బాబాయ్, నీ షాపుకి మెషిన్ కొనడానికి తీసుకునే లోన్ గురించి నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్యాంకు కాగితం మొత్తం చదివాను. నాలుగు పేజీల్లో నీకు పనికొచ్చేవి ఐదు షరతులే. వాటిని తెలుగులో రాసి, కింద నా మాట చెప్తున్నా. పిన్నిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

1. రుణం రూ. 1,00,000. వడ్డీ ఏడాదికి 12 శాతం, స్థిర రేటు. ప్రతి నెలా మిగిలిన అసలు మీద లెక్కిస్తారు.

మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ. రెండేళ్లయినా రేటు మారదు. ఇందులో అసలు కీలకం "మిగిలిన అసలు మీద" అన్న మాట. మొదటి నెల లక్ష మీద వడ్డీ రూ. 1,000. నువ్వు నెలనెలా కట్టే 4,707లో ఆ వెయ్యి పోగా 3,707 అసలులోకి వెళ్తుంది. బాకీ 96,293కి దిగుతుంది కాబట్టి రెండో నెల వడ్డీ 963 మాత్రమే. అలా తగ్గుతూ చివరి నెలకి వడ్డీ యాభై రూపాయలు కూడా ఉండదు. రెండేళ్లకి మొత్తం వడ్డీ సుమారు రూ. 12,976.

మీ బజారులో ఫైనాన్స్ అతను కూడా "రూపాయి వడ్డీయే కదా" అన్నాడన్నావు. అతను రెండేళ్లూ పూర్తి లక్ష మీదే వడ్డీ లెక్క కడతాడు. అంటే 24,000, నెలకి 5,167. రేటు పేరు ఒకటే, తేడా పదకొండు వేలు. అతని దగ్గరికి వెళ్లకు.

2. కాలపరిమితి 24 నెలలు. ఈఎంఐ రూ. 4,707, ప్రతి నెల 5వ తేదీన ఖాతా నుంచి తీసుకుంటారు.

పిన్ని మూడేళ్లు పెట్టించమంది. అప్పుడు నెలకి 3,321 అవుతుంది, చేతికి తేలికే. కానీ వడ్డీ 19,571కి పోతుంది. షాపులో పెళ్లిళ్ల సీజన్ కాని నెలల్లో కూడా 4,707 కట్టగలననుకుంటే రెండేళ్లే పెట్టుకో. అనుమానముంటే మూడేళ్లు తీసుకో, తప్పేం లేదు. ఈఎంఐ తప్పడం కంటే అదే నయం.

3. ప్రాసెసింగ్ ఫీజు రుణంలో 2 శాతం, జీఎస్టీ అదనం. రుణం ఇచ్చేటప్పుడే మినహాయిస్తారు. తిరిగి ఇవ్వరు.

ఫీజు 2,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 360. నీ ఖాతాలో పడేది 97,640, వడ్డీ కట్టేది మాత్రం లక్షకి. మెషిన్ షాపువాడు సరిగ్గా లక్షకి కొటేషన్ ఇచ్చాడు కదా, ఆ 2,360 వేరేగా సిద్ధంగా ఉంచుకో. ఫీజు కూడా కలిపి చూస్తే నీకు నిజంగా పడే రేటు ఏడాదికి 14.4 శాతం దాకా ఉంటుంది. కాగితంలో "ఏపీఆర్" అని చిన్న అక్షరాల్లో ఉన్నది అదే. రెండు బ్యాంకుల్ని పోల్చాలంటే 12 కాదు, ఆ అంకె చూడాలి. ఫీజు తగ్గించమని మేనేజర్‌ని ఒక మాట అడుగు, అడిగితే పోయేదేముంది.

4. ఖాతాలో డబ్బు లేక ఈఎంఐ వెనక్కి వెళితే రూ. 500, జీఎస్టీ అదనం. ఆలస్యమైన మొత్తంపై నెలకు 2 శాతం జరిమానా.

ఒక్కసారి తప్పితే 590, పైన తొంభై నాలుగు రూపాయల దాకా జరిమానా. జరిమానాని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకోదు. అలా వేస్తే నిలదీయొచ్చు. నాలుగో తేదీ రాత్రికే బ్యాలెన్స్ చూసుకో.

5. ఆరు ఈఎంఐల తర్వాత రుణాన్ని ముందే తీర్చవచ్చు. మిగిలిన అసలుపై 4 శాతం రుసుము, జీఎస్టీ అదనం.

ఏడాది తిరిగేసరికి చీటీ డబ్బు వస్తుంది, అంతా ఒకేసారి కట్టేస్తానన్నావు. లెక్క చూడు. 12 నెలలు కట్టాక ఇంకా 52,982 బాకీ ఉంటుంది. దాని మీద రుసుము, జీఎస్టీ కలిపి 2,501. అప్పటినుంచి చివరిదాకా నువ్వు కట్టాల్సిన వడ్డీయే 3,506. అంటే మిగిలేది వెయ్యి రూపాయలు. వెయ్యి కోసం చేతిలో డబ్బంతా ఊడ్చి ఇవ్వడం నాకు నచ్చలేదు. ఆ చీటీతో గుడ్డ నగదుకి కొంటే టోకు వాడే అంతకంటే ఎక్కువ తగ్గిస్తాడు.

సంతకానికి వెళ్లినప్పుడు, అప్పు ఖర్చులన్నీ ఒకచోట చూపే "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" తెలుగులో ఇమ్మను. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులకి దాన్ని తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు. అందులో లేని ఫీజు నువ్వు ఒప్పుకోకుండా తీసుకోకూడదు. కౌంటర్‌లో ఇన్సూరెన్స్ కూడా తీసుకోవాలి అంటే సంతకం ఆపి నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం ఒంటి గంట తర్వాత ఖాళీగానే ఉంటాను.