బుడమేరు వరద సాయం: మీరు పంపిన డబ్బు లెక్క

అందరికీ నమస్కారం.

సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగినప్పుడు మన గ్రూపులో అడిగితే 112 మంది డబ్బు పంపారు. మొత్తం రూ.3,86,500 వచ్చింది. ఐదొందలు పంపినవాళ్లూ ఉన్నారు, పాతిక వేలు పంపినవాళ్లూ ఉన్నారు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డబ్బు ఎటు పోయిందో చెప్పాల్సిన బాధ్యత మాది. దీపావళి లోపే చెప్పాలని ఇది రాస్తున్నాం.

ముందుగా, చాలామంది అడిగిన ప్రశ్న: మొదటి వారంలోనే ఎందుకు ఖర్చుపెట్టలేదు? ఆ రోజుల్లో భోజనం పొట్లాలు పడవల్లోనూ, ట్రాక్టర్లలోనూ, డ్రోన్లతోనూ వచ్చాయి. లోపలి సందులకు అందలేదన్నది నిజమే. అందుకని మేం మంచినీళ్ల క్యాన్లు, పాల ప్యాకెట్లు మోసుకెళ్లి అక్కడే ఇచ్చాం. దానికి రూ.18,200 అయింది. అన్నం పొట్లాలకు మాత్రం మనమూ పోటీపడటం దండగ అనిపించింది. బుడమేరు గండ్లు పూడ్చి నీళ్లు తీశాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, అసలు అవసరాలు బయటపడ్డాయి.

అన్నిటికంటే ముందు బురద. గోడకు నడుము ఎత్తున చార, తలుపులు ఉబ్బిపోయి మూతపడవు, పరుపులు, ఫ్రిజ్‌లు అన్నీ రోడ్డు మీదే. 150 ఇళ్లకు బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్, చీపురు, బకెట్ కలిపి ఇచ్చాం. ఇంటికి రూ.290 చొప్పున రూ.43,500. మేం పెట్టిన ఖర్చులో చూడ్డానికి ఏమాత్రం గొప్పగా లేనిది ఇదే. ఎక్కువమంది మళ్లీ అడిగిందీ ఇదే.

తర్వాత పొయ్యిలు. గ్యాస్ సిలిండర్ దొరికినా స్టవ్ పనిచేయదు, బర్నర్లలో మట్టి గట్టిపడిపోయింది. బాగుచేయించుకోగలిగినవి వాళ్లే చేయించుకున్నారు. అస్సలు పనికిరాని 64 ఇళ్లకు వన్ టౌన్ హోల్‌సేల్ షాపులో రెండు బర్నర్ల స్టవ్‌లు కొన్నాం. ఒక్కోటి రూ.1,450, మొత్తం రూ.92,800. 80 ఇళ్లకు దుప్పట్లు, చాపలు రూ.68,000. వస్త్రలతలో బేరమాడి తెచ్చాం, అయినా మేం అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే పడింది. 58 మంది పిల్లలకు బ్యాగులు, నోటుపుస్తకాలు రూ.35,960.

కుట్టుమిషన్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇవి మా లిస్టులో మొదట లేవు. వాంబే కాలనీలో జాకెట్లు కుట్టే ఒక అక్క స్టవ్ వద్దంది. "వంట ఎక్కడో ఒకచోట చేసుకుంటాం బాబూ, మిషన్ తిరిగితే స్టవ్ నేనే కొనుక్కుంటా" అంది. చూస్తే మోటారు తడిసి కాలిపోయింది, చక్రం తుప్పుపట్టి కదలడంలేదు. దసరాకు ఆర్డర్లు వచ్చే టైము. అడగ్గా అడగ్గా చుట్టుపక్కలే ఇలాంటివి 15 తేలాయి. మెకానిక్‌ను పిలిపిస్తే 11 బాగయ్యాయి, విడిభాగాలతో కలిపి రూ.26,400. మిగతా నాలుగింటికి కొత్తవి కొన్నాం, ఒక్కోటి రూ.7,800 చొప్పున రూ.31,200. మమ్మల్నడిగితే మన డబ్బులో బాగా పనికొచ్చింది ఇదే.

ట్రాలీ ఆటోల కిరాయి రూ.14,300. దీనికి బిల్లుల్లేవు. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత ఇచ్చాం అనేది నోటుపుస్తకంలో ఉంది. మా టీలు, టిఫిన్లు, పెట్రోలు మా జేబులోంచే, అవి ఈ లెక్కలోకి రావు.

మొత్తం ఖర్చు రూ.3,30,360. బ్యాంకులో రూ.56,140 ఉంది.

నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం రూ.25,000, పై అంతస్తుల వాళ్లకు రూ.10,000 ప్రకటించింది కదా, మళ్లీ మనమెందుకు అని ఇద్దరు ముగ్గురు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేం ఇళ్లు ఎంచుకునేటప్పుడు ఆ డబ్బు ఇంకా చేతికి రానివాళ్లకూ, పేరు లిస్టులోకి ఎక్కని అద్దె ఇళ్లవాళ్లకూ ముందు ఇచ్చాం. పై అంతస్తుల వాళ్లకు స్టవ్‌లు ఇవ్వలేదు. దానికి కొందరు నొచ్చుకున్నారు కూడా.

ఫొటోలు పెట్టలేదేమిటని అడిగినవాళ్లకు: సామాన్ల ఫొటోలు, బిల్లులు పెడతాం. తీసుకున్నవాళ్ల మొహాలు పెట్టం. బురదలో నిలబడి దుప్పటి అందుకుంటున్న ఫొటో రేపు వాళ్ల పిల్లలు ఏ ఫోన్లోనో చూడాల్సిన అవసరం లేదు.

మిగిలిన డబ్బుతో, బండ్లు పాడైన ఇద్దరు టిఫిన్ వ్యాపారులకు తోపుడు బండ్లు చేయిద్దామని మా ఆలోచన. వెల్డింగ్ షాపులో రెండూ కలిపి నలభై వేల లోపు అవుతాయంటున్నారు. అభ్యంతరం ఉంటే ఈ ఆదివారం లోపు చెప్పండి. ఆ పైన మిగిలేది మరికొన్ని స్టవ్‌లకు వాడతాం, లేదూ మీ వాటా వెనక్కి కావాలంటే అదీ పంపుతాం.

మనది రిజిస్టరైన సంస్థ కాదు కాబట్టి పన్ను మినహాయింపు రసీదు ఇవ్వలేం. బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, నోటుపుస్తకం పేజీలు రేపు పీడీఎఫ్‌గా గ్రూపులో పెడుతున్నాం. పేరు తప్పుపడినా, పంపిన మొత్తం కనబడకపోయినా వెంటనే మెసేజ్ చేయండి, సరిచేస్తాం.

ఇట్లు,
మీ తరఫున సింగ్ నగర్‌లో పనిచేసిన వాలంటీర్లు