అద్దెకు షాపు: చైతన్యపురి మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో, గ్రౌండ్ ఫ్లోర్, 300 చదరపు అడుగులు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే దారిలో, మెట్రో మెట్లు దిగి హాస్టళ్ల వైపు తిరిగే వీధిలో మూడో భవనం. తూర్పు ముఖం. ముందు భాగం 12 అడుగులు, లోతు 25 అడుగులు. గోడలు, మెట్లు కలపకుండా లోపల కొలిస్తే వచ్చే 300 అడుగులివి. టేపు తెచ్చుకుని కొలుచుకోండి. షటర్ వెడల్పు 10 అడుగులు. వెనక సామాను పెట్టుకోవడానికి అటక, చిన్న బాత్రూము ఉన్నాయి. కమర్షియల్ కరెంటు మీటరు విడిగా ఉంది.

ఎడమ అంచున కరెంటు స్తంభం ఉంది కాబట్టి బోర్డును కాస్త కుడికి జరిపి పెట్టుకోవాలి. వాన నీళ్లు రోడ్డు మీద నిలిచినా లోపలికి రావు, గడప రెండు మెట్ల ఎత్తున ఉంది. ముందు నాలుగు బైకులు పడతాయి. కారు ఆపే చోటు లేదు.

ఇక జనం సంగతి. ఈ వీధిలో బేరమంతా కోచింగ్ పిల్లలది, ఉద్యోగాలకు వెళ్లే హాస్టల్ వాళ్లది. పోయిన బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా షాపు ముందు నిలబడి లెక్కపెడితే 640 మంది నడిచి వెళ్లారు. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా కూడా రద్దీ ఉంటుంది, కానీ అప్పుడు ఎవరూ ఆగరు, మెట్రో కోసం పరుగే. మధ్యాహ్నం ఈగలు తోలుకోవాల్సిందే. ఆదివారం సగం కూడా ఉండరు. పండగ సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ఆ రోజులను లెక్కలో వేసుకోండి.

ఇన్నాళ్లూ జిరాక్స్, స్టేషనరీ షాపు నడిచింది. సొంత ఇల్లు కట్టుకుని అక్కడికే మారుస్తున్నారు, నెలాఖరుకు ఖాళీ. మొబైల్ రిపేరు, మందుల షాపు, టైలరింగ్, బేకరీ కౌంటరుకు బాగుంటుంది. పైన ఆడపిల్లల హాస్టల్ ఉంది కనుక గ్యాస్ పొయ్యి మీద వండే వ్యాపారాలకు ఇవ్వను.

అద్దె నెలకు 32,000, మెయింటెనెన్స్ 1,500. అడ్వాన్సు ఆరు నెలలది, అంటే 1,92,000. ఖాళీ చేసిన రోజే బకాయిలు మినహాయించి వెనక్కి ఇస్తాను. గుడ్‌విల్ లేదు. ఒప్పందం మూడేళ్లు, ఏటా 5 శాతం పెంపు. మొదటి 11 నెలలు ఇద్దరం కదలకూడదు, ఆ తర్వాత ఎవరైనా రెండు నెలల ముందు నోటీసు ఇస్తే చాలు. ఏడాది దాటిన లీజు కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు, ఖర్చు చెరిసగం. పెయింటు, ఫ్యాన్లు, అరలు మీవి. గోడ పగలగొట్టాలంటే ముందు అడగాలి. ట్రేడ్ లైసెన్సు మీ పేరున మీరే తీసుకోవాలి.

నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే అద్దె మీద 18 శాతం రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టాలి. కాంపోజిషన్‌లో ఉన్నవారికి, అసలు రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారులకు ఆ బెడద లేదు.

బ్రోకర్లు దయచేసి రావద్దు. అద్దెలో వెయ్యి వరకు మాట్లాడుకోవచ్చు, అడ్వాన్సులో తగ్గింపు లేదు. ఫోను నంబరు షటర్ మీది టులెట్ బోర్డుపై ఉంది. సాయంత్రం రద్దీ వేళ వచ్చి చూస్తేనే మంచిది.