పండగ ముగ్గు ఫోటో

పిన్నీ, ఇవాళ్టి పండగ ముగ్గు ఫోటో పెట్టాను. చూసి ఎలా ఉందో చెప్పు.

చూశానమ్మా! 15 చుక్కలు, 8 వరకు సందు చుక్కలు కదూ? ఆరు మూలలకూ ఆరు తామరలు చక్కగా అమరాయి. నడిమి పువ్వులో ముదురు గులాబీ అంచు దగ్గర మొదలై, లోపలికి వచ్చేసరికి దాదాపు తెలుపయింది. రంగును అలా పలచగా జారవిడవడం అందరి చేతికీ రాదు. పసుపు పక్కన ఆకుపచ్చ ఎప్పుడూ నప్పేదే. నన్ను కట్టిపడేసింది మాత్రం నెమళ్ల మెడల్లోని నీలం. నల్లని నేల మీద మెరిసిపోతోంది. చుట్టూ తిప్పిన మెలికల గీత ఎక్కడా తెగలేదు. కుడివైపు నెమలి కాస్త బొద్దుగా ఉంది కానీ, నాకు అదే ముద్దొచ్చింది. గుమ్మం వైపు నుంచి తీసిన ఫోటో ఉంటే అదీ పంపు.