పలుకు

బస్సు కిటికీ పక్కన కూర్చుని విశాలాక్షి దారంతా పెదాలు కదుపుతూనే ఉంది. "ఇష్ బిన్ మాయా." నా పేరు మాయ. భాష తప్పని కాదు. జర్మన్ భాషలో బి2 పరీక్ష పాసయ్యే నాటికి ఇంతకంటే పొడుగు వాక్యాలు నిద్రలో కూడా వచ్చేవి. ఈ మూడు మాటల వాక్యం దగ్గరే గొంతు తడబడుతోంది, అబద్ధం చెబుతున్నట్టు.

ఇంకో పన్నెండు రోజుల్లో జర్మనీ ప్రయాణం. అక్కడొక వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం. వీసా వచ్చిన సంగతి అమ్మమ్మకి ఫోన్లోనే చెప్పింది. పేరు సంగతి మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పాలనుకుంది.

ఇంటర్వ్యూ చేసిన హెడ్ నర్సు మంచి మనిషే. స్క్రీన్ మీద ఉన్న పేరు మూడుసార్లు చదవబోయి, మూడుసార్లూ మధ్యలో ఆగి, క్షమించమంది. తర్వాత నెమ్మదిగా అసలు విషయం చెప్పింది. "మీరు పనిచేయబోయేది డిమెన్షియా ఉన్నవాళ్ళ వార్డులో. కాగితాల మీద మీ పేరు మీదే, దాన్నెవరూ ముట్టుకోరు. కానీ రాత్రి మెలకువొచ్చి భయపడ్డ మనిషి పిలవడానికి చిన్న పేరేదైనా ఉంటే చెప్పండి. బ్యాడ్జి మీద అది వేయిస్తాం."

విశాలాక్షికి ఆ మాట అర్థమైంది. చదువుకున్నదే. వయసు పైబడిన చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నటి ధ్వనులు. స, శ, ఫ లాంటివి. శ, క్ష రెండూ ఉన్న తన పేరు వాళ్ళ చెవిదాకా వెళ్ళేసరికి సగం రాలిపోతుంది. మతి చెదిరిన మనిషికి కొత్త పేరు గుర్తుండటమే కష్టం. వినిపించని పేరయితే ఇక చెప్పేదేముంది!

"మాయా" అంది వెంటనే.

ఆ "వెంటనే" అన్నదే తర్వాత గుచ్చుకుంది. ఇరవై ఆరేళ్ళుగా మోసిన పేరు పక్కన పెట్టడానికి ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. అదీ ఎవరి పేరు? తను పుట్టక ముందే, తొమ్మిదేళ్ళ వయసులో జ్వరంతో పోయిన పెద్దమ్మ పేరు. అమ్మ పట్టుబట్టి పెట్టిన పేరు.

అమ్మమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. చూసి లేవబోయింది, మోకాళ్ళు సహకరించలేదు. "చిన్నీ, వచ్చావా" అంది. చేతులు రెండూ పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసింది, అన్నీ ఉన్నాయా అన్నట్టు. సాయంత్రమంతా ఏవేవో అడిగింది. అక్కడ చలెంత? గదిలో ఒక్కదానివేనా? తాళంచెవి పోగొట్టుకుంటే ఎవరినడగాలి? గట్టిగా చెబితేగాని వినపడదు. రెండుసార్లు చెప్పించుకున్నా సగం ఊహించుకునేది.

పొద్దుపోయాక, దీపం ఆర్పే ముందు, విశాలాక్షి చెప్పేసింది. ముందు మామూలు గొంతుతో, వినపడలేదంటే మళ్ళీ గట్టిగా. అంత బరువైన విషయాన్ని అరిచి చెప్పాల్సి రావడం ఆమెకి చాలా బాధనిపించింది.

"మాయా?" అమ్మమ్మ ఆ పేరు నోట్లో కాసేపు ఉంచుకుంది. "ఇంకేం పేరూ దొరకలేదా తల్లీ? మాయమైపోతానని ముందే చెబుతున్నావా?"

విశాలాక్షి దగ్గర జవాబు లేదు. ముసలివాళ్ళ చెవుల గురించి, రాత్రి భయపడేవాళ్ళ గురించి చెప్పింది. అమ్మమ్మ చివరిదాకా విని గోడవైపు తిరిగింది. ఏడుస్తోందేమో అనుకుంది మనవరాలు.

"నీ పేరు నేనెప్పుడైనా పిలిచానా?" అని అటు తిరిగే అడిగింది అమ్మమ్మ.

విశాలాక్షి ఆలోచించింది. చిన్నీ. చిట్టితల్లీ. ఏయ్ పిల్లా. కోపమొస్తే "మీ అమ్మ కూతురా". ఊరంతా పేరు పెట్టి పిలిచేది. అమ్మమ్మ మాత్రం ఒక్కసారి కూడా... ముద్దుకనుకుంది ఇన్నాళ్ళూ.

"ఆ రాత్రి నిద్రపోనివ్వొద్దన్నారు దాన్ని. పిలుస్తూ ఉండమన్నారు. తెల్లవార్లూ పిలిచాను. మొదట ఊఁ అనేది. తర్వాత కళ్ళు తిప్పేది. ఆ తర్వాత అదీ లేదు. అయినా పిలుస్తూనే ఉన్నాను. పక్కవాళ్ళు వచ్చి నా నోరు మూసేదాకా." కాసేపాగింది. "నీకు ఆ పేరు పెడతానని మీ అమ్మ అంటే వద్దనలేదు. పిలవడం మాత్రం నా వల్ల కాలేదు. పిలిస్తే పలకవేమోనని."

చీకట్లో ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. విశాలాక్షికి అమ్మమ్మ పక్కన చేరాలనిపించింది. కానీ ఆ వీపు అప్పుడు ఎవరినీ రమ్మనడం లేదు. వెళ్ళి పక్కగదిలో తన మంచం మీద పడుకుంది. రెండు గదుల మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

కునుకు పడుతుండగా ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టనిపించింది. వీధిలో ఎవరో అనుకుని ఇటు దొర్లింది.

"చిన్నీ!"

ఉలిక్కిపడి లేచి పరిగెత్తింది. అమ్మమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది.

"ఏమైంది అమ్మమ్మా?"

"మూడుసార్లు పిలిచాను మాయా, మాయా అని. పలకలేదు."

"నన్ననుకోలేదు..."

"అదే చెబుతున్నా. అక్కడ ఎవరో పెద్దావిడ లేవలేక, ఎక్కడుందో తెలియక నిన్నే పిలుస్తుంది. నన్ను కాదనుకుని అటు తిరిగి పడుకుంటావా?" గొంతులో నిజమైన కోపం ఉంది. "పేరు పెట్టుకోవడం కాదు, పలకాలి. పో, పడుకో. మళ్ళీ పిలుస్తాను."

పిలిచింది. విశాలాక్షి కావాలని మెలకువగా ఉండి "ఆఁ" అంది. "వినపడలేదు" అంది అమ్మమ్మ. "ఆఁ!" అని అరిచింది. "అదీ. వాళ్ళకీ నాలాంటి చెవులే."

అరగంటకు మళ్ళీ పిలుపు. ఈసారి నిద్రలోంచి, ఆలస్యంగా. "లెక్కపెట్టాను, పది దాకా వచ్చింది" అంది అమ్మమ్మ. తర్వాతి పిలుపుకి ఐదు. ఆ తర్వాత లెక్క చెప్పలేదు, "ఊఁ" అని ఊరుకుంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి నిద్ర మానుకుని, ఇంత శ్రద్ధగా, తనకి నచ్చని పేరునే నేర్పిస్తోంది. విశాలాక్షికి దిండు తడిసింది. అయినా పిలిచిన ప్రతిసారీ గొంతు సవరించుకుని పలికింది.

తెల్లవారుజామున కాబోలు, చాలాసేపు పిలుపు రాలేదు. అమ్మమ్మ నిద్రపోయి ఉంటుందనుకుంది. అంతలో అటు గదిలోంచి సన్నగా, దాదాపు ఊపిరితోనే, ఎవరికీ వినపడకూడదన్నట్టు పలికిన పిలుపు.

"విశాలాక్షీ..."

"ఆఁ అమ్మమ్మా!" గట్టిగా, అమ్మమ్మ చెవికి చేరేంత గట్టిగా పలికింది విశాలాక్షి. మంచం దిగి అటు నడుస్తూ మళ్ళీ పలికింది. తలుపు దాటుతూ మళ్ళీ.