మార్చి 8 ఆదివారం షష్టిపూర్తి భోజనాలు – మీతో అనుకున్నవన్నీ ఖాయం చేస్తూ

శేషయ్య గారికి నమస్కారమండి. నేను పద్మజను, విద్యానగర్ నుంచి. మొన్న మీ ఇంటికొచ్చి మాట్లాడిన మా నాన్నగారి షష్టిపూర్తి వంటల సంగతి. నోటిమాటగా అనుకున్నవన్నీ ఒకచోట రాసి పంపుతున్నాను. మీ అబ్బాయి చేత ఒకసారి చదివించుకోండి. ఏదైనా తేడాగా రాసి ఉంటే ఈరోజే ఫోన్ చేయండి.

మార్చి 8 ఆదివారం, విద్యానగర్‌లో మీరు చూసి వెళ్ళిన కల్యాణ మండపంలోనే. వెనకవైపు వంటశాల తాళం శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మా తమ్ముడు మీకిస్తాడు. సామాను బండి ఆ సందులోకి రావాలంటే చీకటి పడకముందే తెచ్చుకోవడం మంచిది. ఆదివారం పొద్దున్నే చుట్టాల కార్లు పెట్టేస్తే ఇక దారి ఉండదు.

ఉదయం టిఫిన్ 80 మందికి, 7 గంటల నుంచి 8.30 వరకు. ఇడ్లీ, మినప గారెలు, ఉప్మా, అల్లప్పచ్చడి, కొబ్బరి చట్నీ, కాఫీ. తెనాలి, పొన్నూరు వాళ్ళు తెల్లవారే బయల్దేరి వస్తారు, కాఫీ మాత్రం 6.30కే సిద్ధంగా ఉంచండి.

మధ్యాహ్న భోజనం 300 మందికి ఖాయం. 330 మందికి సరిపడా వండండి, 300 ఆకులకు డబ్బు ఎలాగూ ఇస్తాం, పైన లేచిన ఆకులకు అదే రేటు లెక్కగట్టి ఇస్తాం. ఆకుల లెక్క మీ మనిషి ఒకరు, మా బాబాయి కలిసి బంతి బంతికీ రాసుకుంటారు. మనుషుల్లో పెద్ద మార్పు ఏదైనా ఉంటే 5వ తేదీ గురువారం సాయంత్రంలోపు చెప్తాను, ఆ తర్వాత తగ్గించమని అడగను. నాదస్వరం వాళ్ళు, డ్రైవర్లు, మండపం ఊడ్చే ఆడవాళ్ళు కూడా ఈ 300లోనే ఉన్నారు. వాళ్ళను కూడా బంతిలోనే కూర్చోబెట్టి వడ్డించాలి, పొట్లాలు కట్టి ఇవ్వొద్దు.

వంటలు ఇవండీ. పూర్ణం బూరెలు, చింతపండు పులిహోర, మామిడికాయ పప్పు, గుత్తి వంకాయ కూర, జీడిపప్పు వేసిన దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, పండుమిరపకాయ పచ్చడి, కందిపొడి, ఉలవచారు మీగడతో, ముక్కల పులుసు, ఆవడలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు, గడ్డ పెరుగు, చక్రకేళి అరటిపండు, చివర కిళ్ళీ. పనీర్ కూర, ఫ్రైడ్ రైస్ లాంటివి వద్దనుకున్నాం కదా, అవి తీసేసినందుకు మిగిలిన డబ్బు బూరెల మీద, పెరుగు మీద పెట్టండి.

బియ్యం బీపీటీవే, ఏడాది పాతవి. కొత్త బియ్యమైతే అన్నం ముద్దవుతుంది. నెయ్యి 5 కేజీలు ఊళ్ళో కాచినది మేమే తెచ్చిస్తాం, బూరెలో గుంట పెట్టి నెయ్యి పోయాలి, చుక్కలు చల్లడం కాదు. కారం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి: వచ్చేవాళ్ళలో సగానికి సగం అరవై దాటినవాళ్ళు. తేజ మిరప కారం కూరల్లో వేయొద్దు. ఘాటు కావాలన్నవాళ్ళకు పండుమిరపకాయ పచ్చడి ఉండనే ఉంది. పెరుగు శనివారం రాత్రి పొద్దుపోయాకే తోడు పెట్టించండి, ఎండలు ముదురుతున్నాయి, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఆకులు కొల్లిపర వైపు నుంచి తెప్పిస్తానన్నారు. చిరుగులు లేని పెద్ద ఆకులు, శనివారం సాయంత్రం వచ్చేలా చూడండి.

ఉగ్రరథ శాంతి హోమం చేయించే పురోహితులు ఐదుగురు ఉంటారు. వాళ్ళకు ఉల్లి, వెల్లుల్లి లేకుండా వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో వండాలి. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ, వెల్లుల్లి కలపకముందే వాళ్ళకు తీసి పెట్టేయండి. పక్క గదిలో 12 గంటలకల్లా వాళ్ళకు వడ్డన.

మాంగల్యధారణ 11.15కి. అక్షింతలు, ఫొటోలు అయ్యేసరికి ఎంత లేదన్నా గంట పడుతుంది, కాబట్టి మొదటి బంతి 12.30కి. బంతికి 75 మంది చొప్పున నాలుగు బంతులు: 12.30, 1.10, 1.50, 2.30. వడ్డించేవాళ్ళు 12 మంది తప్పనిసరి, అందులో నలుగురు వయసున్న, ఓపికున్న మనుషులు కావాలి. ఆకు ముందుకు వచ్చి గరిటె వంచేసి వెళ్ళిపోకుండా, ‘ఇంకొంచెం వేయమంటారా’ అని అడిగేవాళ్ళు. మారు వడ్డన లేని భోజనం భోజనం కాదని మా నాన్నగారు ఎప్పుడూ అంటుంటారు.

ఇప్పుడు నా మనసులోని మాట ఒకటి. మూడేళ్ళ కిందట మా చుట్టాల పెళ్ళిలో (వంట మీది కాదు) ఆఖరి బంతికి పప్పు నీళ్ళలా వచ్చింది, బూరెలు అయిపోయాయి, పెరుగు బదులు మజ్జిగ పోశారు. ఆ బంతిలో కూర్చున్నది పొద్దున్నుంచి పనిచేసిన ఇంటివాళ్ళు, ఊరి నుంచి బస్సు దిగి ఆలస్యంగా వచ్చిన పెద్దవాళ్ళు. మా నాన్నగారు ఆరోజు ఏమీ అనలేదు గానీ, ఇంటికొచ్చి చాలాసేపు బాధపడ్డారు. ఇప్పుడు తన షష్టిపూర్తికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే: అందరూ తిన్నాక, ఆఖరి బంతిలోనే అమ్మతో కలిసి కూర్చుంటానని. పొద్దుటి నుంచి హోమం దగ్గర ఉపవాసంతో ఉంటారు ఇద్దరూ. 11.30కి చెరో గ్లాసు పాలు, ఒక అరటిపండు పంపించండి చాలు.

అందుకని 150 బూరెల పిండి, పూర్ణం పక్కన పెట్టుకుని 2.15కి వేయించండి. అన్నం కూడా ఒక వార్పు చివరి బంతి కోసమే ఆపి ఉంచండి. మొదటి ఆకులో ఏమేం పడ్డాయో చివరి ఆకులోనూ అవన్నీ, అంతే వేడిగా పడాలి. ఇందుకు ఖర్చు ఏమైనా ఎక్కువైతే ముందే చెప్పండి, ఇస్తాను.

లెక్క ఇదీ. భోజనం ఆకుకు 280 చొప్పున 300కి 84,000. టిఫిన్ 90 చొప్పున 80 మందికి 7,200. మొత్తం 91,200 రూపాయలు. సరుకులు, గ్యాస్, ఆకులు, గ్లాసులు, మంచినీళ్ళ క్యాన్లు, వడ్డించేవాళ్ళ కూలి, బండి కిరాయి అన్నీ ఇందులోనే. అడ్వాన్సు 30,000లో ఆరోజు చేతికిచ్చిన 5,000 పోగా, మిగతా 25,000 ఇప్పుడే మీ అబ్బాయి నంబరుకు ఫోన్‌పే చేశాను, స్క్రీన్‌షాట్ కింద పెడుతున్నాను. బాకీ 61,200, పైన లేచిన ఆకుల డబ్బుతో కలిపి, ఆదివారం సాయంత్రం 5 గంటలకు మండపంలోనే మా తమ్ముడు మీ చేతికిస్తాడు. మిగిలిన వంటకాలు మా గిన్నెల్లోకి మార్పించండి, పనివాళ్ళ ఇళ్ళకు పంపుతాం.

డబ్బు అందినట్టు, 12.30 బంతి ఖాయమన్నట్టు రాత్రిలోపు ఒక్క మాట పంపండి. శనివారం సాయంత్రం కూరగాయలు దిగేటప్పుడు నేను అక్కడే ఉంటాను, వంకాయలు ఇద్దరం చూసుకుందాం.

ఉంటానండి,
పద్మజ