బరంపురం ఫొటోలు, కింద నా కామెంటరీ

పట్టు షాపులో: శారీ అడిగాను, మా ఆయన వెంటనే సారీ అన్నారు. స్పెల్లింగ్ తేడా అంతే, బిల్లు సేఫ్.

గోపాల్‌పూర్ బీచ్: అలకి చెయ్యూపి వేవ్ చేశా. అల కూడా వేవే కదా, ఫ్రెండనుకుని వచ్చి నా ఎడమ చెప్పు పట్టుకుపోయింది. (కుడిది ఇంకా దాచాను, వాపస్ పాలసీ ఉందేమోనని.)

ఆటో దగ్గర మావయ్య: ఒడియాలో బేరం, తెలుగులో తిట్టు, ఇంగ్లీషులో ‘నో ప్రాబ్లమ్’. చార్జీ సేమ్, ఓన్లీ లాంగ్వేజ్ చేంజ్.

అత్తయ్య వడ్డన: ‘డైట్’ అన్నాను. ‘ఈ నైట్ వద్దులేవే’ అని ఇంకో గరిటె పప్పు. లిటిల్ లిటిల్ అంటూనే కంచం హౌస్‌ఫుల్.

తిరుగు రైలు: ట్రైన్ ఆన్ టైమ్, మా ఆయన ఇంకా టీ టైమ్.